"ఏదైనా ఒక మంచి పుస్తకం చెప్పండి": అపోహలు - వాస్తవాలు

లైబ్రరీ కౌంటర్ దగ్గర రోజూ వినపడే మాటే ఇది. ఎవరికండీ అంటే "మా అబ్బాయికి" అంటారు. ఇంతకుముందు ఏం చదివాడు అంటే "అవన్నీ ఎందుకు సార్, మీకు తెలిసిన మంచిది ఒకటి చెప్పండి చాలు" అంటారు. సినిమా అడిగేవాళ్లదీ ఇదే వరస. అడగడంలో తప్పేమీ లేదు. అడిగిందే తడవుగా ఎదుటివాళ్లు ఒక పేరు చెప్పేయడంతోనే చిక్కు మొదలవుతుంది.

అపోహ: మంచి పుస్తకం ఎవరికైనా మంచిదే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. చదివే అలవాటున్న మనిషికి నచ్చని పుస్తకం ఇస్తే "ఇది బాలేదు" అని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటాడు. అలవాటు లేని మనిషి అలా అనుకోడు. "అందరూ మెచ్చుకున్న పుస్తకం నాకు ఎక్కలేదంటే లోపం నాదే" అనుకుంటాడు, మళ్లీ పుస్తకం జోలికి రాడు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉండాలంటుంది, మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలంటుంది. ఆ రెంటినీ కలపడమే సిఫార్సు చేసేవాళ్ల పని. మనిషి గురించి ఏమీ తెలియకపోతే కలపడానికి సగమే చేతిలో ఉన్నట్టు.

"మీకు ఎలాంటివి ఇష్టం?" అని అడిగినా లాభం లేదు. చాలామంది దానికి జవాబు చెప్పలేరు, లేదా చెబితే బాగుంటుందనుకున్నది చెబుతారు. అడగాల్సినవి వేరే. చివరిసారి వదలకుండా పూర్తి చేసిందేది? అందులో ఇప్పటికీ గుర్తున్న ఘట్టం ఏది? మొదలుపెట్టి మధ్యలో ఆపేసిందేది, ఎక్కడ ఆపారు? ఈ మూడో ప్రశ్నే అసలైనది. నచ్చినదాని గురించి మొహమాటంతో ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆపేసిన చోటు మాత్రం సాధారణంగా నిజమే చెబుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పన్నెండేళ్ల పిల్లాడు, "అస్సలు చదవడు" అని ఇంట్లోవాళ్ల దిగులు. ముందు పిల్లాడినే అడగాలి, పెద్దవాళ్లు పక్కన ఉన్నా సరే. పూర్తి చేసినదేమిటంటే ఒక డిటెక్టివ్ బొమ్మల కథ. గుర్తున్నదేమిటంటే దొంగ ఎవరో తనే ముందు కనిపెట్టిన చోటు. ఆపేసినది తెలుగు నవల, ఇరవయ్యో పేజీ దగ్గర. "ఊరి గురించే చెబుతూ ఉన్నాడు, ఏమీ జరగడం లేదు" అన్నాడు. అంటే ఈ పిల్లాడు చదవని పిల్లాడు కాదు. అతనికి కావాల్సింది మొదటి ఐదారు పేజీల్లోనే విడదీయాల్సిన ముడి ఒకటి పడడం, వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ, ఒక్క కూర్చోడంలో అయిపోయే చిన్న అధ్యాయాలు. వంద, నూట ఇరవై పేజీలు మించకపోతే మేలు.

ఇప్పుడు పరీక్ష. అనుకున్న పుస్తకం మధ్యలో ఒక పేజీ తీసి, పిల్లాణ్ణి నెమ్మదిగా చదవమని, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడే వద్దు. రెండు మూడైతే సరిపోతుంది. మొదటి పేజీతో ఈ పరీక్ష చేయకూడదు, మొదటి పేజీని రచయితలు మిగతావాటికన్నా తేలిగ్గా రాసి ఉండొచ్చు.

ఇచ్చేటప్పుడు ఒకటి కాదు, మూడివ్వాలి. ఒకటి అతను పూర్తి చేసినదానికి బాగా దగ్గరగా ఉన్నది, రెండోది కొంచెం పక్కకు జరిగినది, మూడోది పూర్తిగా వేరేది. తిరిగి తెచ్చినప్పుడు "బాగుందా?" అని అడిగితే తలూపుతాడు, అంతే. "ఎక్కడ ఆగావు?" అని అడగాలి. మొదటిది పూర్తిచేసి మూడోది ముట్టుకోకపోతే మన అంచనా సరైనదే, ఇంకొన్నాళ్లు ఆ దారిలోనే ఇవ్వొచ్చు. మూడోదే ముందు చదివేస్తే మనం అడిగిన ప్రశ్నల్లో ఏదో తప్పిపోయింది, మళ్లీ అడగాలి.

అపోహ: భాష వస్తే చాలు, ఆ భాషలో ఏదైనా చదువుతారు, చూస్తారు.

మాట్లాడే భాష వేరు, తడుముకోకుండా చదివే భాష వేరు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతూ, బడిలో ఇంగ్లీషులోనే చదివిన పిల్లలకు తెలుగు వత్తులు, దీర్ఘాలు ఒక్కొక్కటీ కూడబలుక్కోవాల్సి వస్తుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. అది కథ నచ్చకపోవడం కాదు. వాళ్లకు అదే కథ పైకి చదివి వినిపిస్తే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

సినిమాకు సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా అనే వాదనా ఇలాంటిదే. రెండు వరుసల సబ్‌టైటిల్ సాధారణంగా ఆరేడు సెకన్లకు మించి తెరమీద నిలవదు. ఇప్పుడిప్పుడే చదవడం నేర్చిన పిల్లలకు, చూపు మందగించిన పెద్దలకు ఆ వ్యవధి చాలదు. అందరూ కలిసి చూసే సినిమా అయితే అందరిలో నెమ్మదిగా చదివేవాళ్లను బట్టి ఎంచుకోవాలి. వాళ్ల భాషలో తీసినదో, డబ్బింగ్ ఉన్నదో చూడాలి. మొదలుపెట్టిన పది నిమిషాలకే "ఏమన్నాడు?" అనే ప్రశ్న పదే పదే వస్తుంటే ఆపి, ఇంకోటి పెట్టడమే మంచిది.

అపోహ: డిటెక్టివ్ కథలు ఇష్టమంటే డిటెక్టివ్ కథ ఏదిచ్చినా సరే.

నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ పాఠకులు పుస్తకంలోకి వెళ్లే తలుపులు నాలుగంటారు: కథ, పాత్రలు, నేపథ్యం, భాష. ఒకే డిటెక్టివ్ నవలను ఒకరు ముడి కోసం చదువుతారు, ఇంకొకరు ఆ డిటెక్టివ్ మనిషి తీరు కోసం. మొదటివాళ్లకు మరో చిక్కుముడి ఇవ్వాలి. రెండోవాళ్లకు నేరం ఊసే లేకపోయినా, అలాంటి మొండి మనిషి ఉన్న జీవితచరిత్ర సరిపోవచ్చు.

అపోహ: రేటింగ్ ఎక్కువుంటే గ్యారంటీ.

కాదు. పదికి ఆరు అంటే చూసినవాళ్లంతా ఆరే ఇచ్చి ఉండొచ్చు, సగంమంది పది, సగంమంది రెండు ఇచ్చి ఉండొచ్చు. మీరు ఏ సగంలోవారో అంకె చెప్పదు.

అపోహ: వయసుకు తగిన సర్టిఫికెట్ ఉంటే పిల్లలకు చూపించొచ్చు.

సినిమాలో ఏమి లేదో సర్టిఫికెట్ చెబుతుంది, పిల్లలకు ఏది అర్థమవుతుందో చెప్పదు. చావు, విడాకులు, తప్పిపోవడం లాంటివి ఇంట్లో ఈమధ్యే జరిగి ఉంటే ఏ సర్టిఫికెట్టూ ఆ సంగతి ఎరగదు. అది ఇంట్లోవాళ్లే చెప్పాలి.

అపోహ: మొదలుపెట్టాక పూర్తి చేయాల్సిందే.

యాభై ఏళ్లలోపువారు యాభై పేజీలు చదివి చూడండి, దాటినవారు వందలోంచి వయసు తీసేసి చూడండి అన్నదీ నాన్సీ పెర్లే. అరవై ఏళ్లవారికి నలభై పేజీలు చాలు. ఆ తర్వాత మూసేయొచ్చు.

అపోహ: ఏమీ తెలియనప్పుడు పేరున్నదాన్ని ఇవ్వడమే క్షేమం.

బహుమతిగా ఇవ్వాలి, మనిషిని అడగడానికి లేదు అనుకుందాం. అప్పుడు పేరున్న పెద్ద నవల కన్నా వేర్వేరు రచయితల చిన్న కథల సంకలనం నయం. కథ పదీ పదిహేను పేజీలు దాటకూడదు. నచ్చనిది వదిలేసి తర్వాతి దానికి పోవచ్చు, ఎక్కడా ఓడిపోయినట్టు ఉండదు. కొన్నాళ్లకు కలిసినప్పుడు ఏ కథ బాగుందని అడగండి. ఆ ఒక్క కథ పేరు తెలిస్తే తర్వాతి పుస్తకాన్ని ఎక్కణ్నుంచి వెతకాలో తెలుస్తుంది.