అందరినీ ట్యాగ్ చేస్తే రక్తం తొందరగా దొరుకుతుందా? గ్రూప్ అడ్మిన్‌గా నేను చూసిన అపోహలు - వాస్తవాలు

బరంపురంలో మేం నడిపే రక్తదాతల వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 312 మంది ఉన్నాం. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసే ఉంటారు, కొందరు ఛత్రపురం నుంచి, కొందరు బోర్డర్ అవతల ఇచ్ఛాపురం నుంచి, ఇంకా గంజాం నుంచి సూరత్ మగ్గాలకి పనికెళ్ళినోళ్ళు కూడా ఉన్నారు, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు రక్తం ఇస్తారని వాళ్ళని తియ్యలేదు. ఇలాంటి గ్రూపులో ఎవరిని ఎప్పుడు ట్యాగ్ చెయ్యాలన్నది చిన్న విషయం కాదు, అందుకే రాస్తున్నా.

అపోహ: ఎమర్జెన్సీ కదా, అందరినీ ట్యాగ్ చేసెయ్, ఎవరో ఒకరు వస్తారు.

వాస్తవం: ఆ "ఎవరో ఒకరు" దగ్గరే దెబ్బ తింటాం. ఒక రాత్రి 10:40కి డెలివరీ కేసు, బి నెగటివ్ 2 యూనిట్లు కావాలన్నారు. మా అడ్మిన్లలో ఒకరు కంగారులో @all కొట్టేశారు. అరగంటలో 47 మెసేజీలొచ్చాయి. దండం పెట్టే బొమ్మలు, "షేర్ చేశా", "ఏ హాస్పిటల్", "నాది ఎ పాజిటివ్ పనికొస్తుందా", సూరత్ నుంచి "నేను ఊళ్ళో లేనన్నా". వస్తానన్నోడు ఒక్కడూ లేడు.

అప్పుడు లిస్టు తీసి కూర్చున్నా. గ్రూపు మొత్తంలో బి నెగటివ్ వాళ్ళు 11 మంది. అందులో నలుగురు ఈ మధ్యే ఇచ్చారు, మగవాళ్ళయితే 90 రోజులు, ఆడవాళ్ళయితే 120 రోజులు గ్యాప్ ఉండాలి కాబట్టి వాళ్ళని అడగకూడదు. ఇద్దరు సూరత్‌లో. మిగిలింది ఐదుగురు. అంటే మనం నిద్ర లేపిన 312 మందిలో ఆ రాత్రి ఇవ్వగలిగినోళ్ళు ఐదుగురే. ఆ మెసేజ్ పెట్టిన అడ్మిన్ తన ఫోన్‌లో దానిమీద నొక్కి పట్టుకుని ఇన్ఫో చూస్తే ఐదుగురిలో ముగ్గురు అప్పటికే చదివేశారు! ఫోన్ చేస్తే మొదటి అబ్బాయి అన్న మాట ఇప్పటికీ గుర్తే, "అంతమందికి పెట్టారు కదన్నా, ఎవరో వెళ్ళుంటారనుకున్నా". పేరు పెట్టి అడిగాక ఇరవై నిమిషాల్లో బండేసుకుని వచ్చాడు. రెండో యూనిట్‌కి ఇంకో ఇద్దరికి ఫోన్ చేస్తే ఒకరు వచ్చారు. తప్పు వాళ్ళది కాదు, అందరినీ పిలిచామంటే ఎవర్నీ పిలవనట్టే అయింది.

ఇప్పుడు మేం చేసేది ఇలా ఉంటుంది. ముందు పేషెంట్ తరఫువాళ్ళని ఒక మాట అడుగుతాం, ఆ గ్రూపు రక్తమే బ్యాంకులో లేదా, లేక బ్యాగ్ ఉంది గానీ బదులుగా డోనర్‌ని తెమ్మంటున్నారా? ఈ రెండూ వేరు. బదులు డోనర్ అయితే ఏ గ్రూపైనా సరిపోతుంది, అలాంటప్పుడు హాస్పిటల్‌కి దగ్గర్లో ఉండి గ్యాప్ పూర్తయినవాళ్ళని ఇద్దర్ని ట్యాగ్ చేస్తే చాలు. అదే గ్రూపు కావాలంటే షీట్‌లో బ్లడ్ గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, ఉండే ఏరియా, రాత్రి పిలవొచ్చా లేదా, ఈ నాలుగు కాలమ్స్ చూసి ఎంతమంది కావాలో దానికి రెట్టింపు మందిని ట్యాగ్ చేస్తాం, 2 యూనిట్లకి నలుగుర్ని. పది నిమిషాలు ఆగి, ఇన్ఫోలో ఎవరు చూశారో చూసి, చూడనివాళ్ళకి నేరుగా కాల్. నలుగురూ కుదరదంటేనే తర్వాతి వాళ్ళు. నెగటివ్ గ్రూపులకి లిస్టు అయిపోతే ఓ నెగటివ్ వాళ్ళని అడుగుతాం, అది ఎక్కించాలా వద్దా అన్నది బ్లడ్ బ్యాంక్‌వాళ్ళే తేల్చాలి.

ట్యాగ్ చేసే ముందు ఇంకోటి చూడండి. మా గ్రూపులో శ్రీనులే ముగ్గురున్నారు, ఒకసారి తొందరలో వేరే శ్రీనుని ట్యాగ్ చేస్తే పావుగంట పోయింది. అందుకే ఇప్పుడు నా ఫోన్‌లో పేరు పక్కనే బ్లడ్ గ్రూపూ ఏరియా కూడా సేవ్ చేసుకున్నా, @ కొట్టగానే "శ్రీను బి నెగ్ గోపాలపూర్" అని కనిపిస్తుంది.

అపోహ: గ్రూపు మ్యూట్‌లో పెట్టుకున్నోళ్ళకి పట్టింపు లేదు, అందుకే వాళ్ళని ట్యాగ్ చేసి లేపాలి.

వాస్తవం: 312 మంది ఉన్న గ్రూపుని మ్యూట్ చెయ్యడం తప్పేం కాదు, మేమే కొత్తగా చేరినవాళ్ళకి మ్యూట్ చేసుకోమని చెప్తాం. ఎందుకంటే వాట్సాప్‌లో గ్రూపు మ్యూట్‌లో ఉన్నా, ఆర్కైవ్‌లో ఉన్నా, పేరుతో ట్యాగ్ చేస్తేనో వాళ్ళ మెసేజ్‌కి రిప్లై ఇస్తేనో నోటిఫికేషన్ వెళ్తుంది. అంటే మ్యూట్ అనేది తలుపు దగ్గరగా వెయ్యడం, ట్యాగ్ అనేది ఆ తలుపు తట్టడం. పండగ శుభాకాంక్షలకీ, క్యాంపు ఫొటోలకీ కూడా తడుతూ ఉంటే మనిషి ఫోన్ సెట్టింగ్స్‌లోకెళ్ళి గ్రూప్ నోటిఫికేషన్లే మొత్తం ఆపేస్తాడు. అక్కడితో ట్యాగ్ కూడా మోగదు. పైగా అది మనకి తెలీదు, గ్రూపులో పేరు కనిపిస్తూనే ఉంటుంది. తెలుసుకునే దారి ఒకటుంది, ట్యాగ్ చేసిన మెసేజ్‌కి డెలివర్డ్ పడి గంటలకొద్దీ చదవకపోవడం వరసగా రెండు మూడుసార్లు జరిగితే, ఆ మనిషికి ఫోన్ చేసి అడగండి. బ్లూ టిక్ ఆఫ్ చేసుకున్నా గ్రూపు మెసేజ్ చదివారో లేదో ఇన్ఫోలో కనిపిస్తుంది కాబట్టి ఈ లెక్క నమ్మొచ్చు.

అపోహ: పేరు పెట్టి అందరిముందూ అడిగితే మొహమాటపెట్టినట్టు.

ఇది కొంత నిజమే, నేను ఒప్పుకుంటా. ముఖ్యంగా ఆడపిల్లలు ఎందుకు కుదరదో గ్రూపులో చెప్పలేరు, హిమోగ్లోబిన్ తక్కువున్నోళ్ళు చెప్పడానికి ఇబ్బందిపడతారు. అందుకని మేం ట్యాగ్ కింద ఒక్క లైను పెడతాం, "కుదరకపోతే కారణం చెప్పక్కర్లేదు, బొటనవేలు కిందకి చూపించే రియాక్షన్ పెట్టండి చాలు". రియాక్షన్ నోటిఫికేషన్ మెసేజ్ పెట్టినవాళ్ళకే వస్తుంది, మిగతా 311 ఫోన్లు మోగవు. వద్దు అని పది నిమిషాల్లో తెలియడం కూడా మాకు సాయమే, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళొచ్చు.

అపోహ: అందరినీ ట్యాగ్ చెయ్యడమే తప్పు.

అలా కాదు. అందరూ ఏదో ఒకటి చెయ్యాల్సొచ్చినప్పుడు, లేదా అందరూ ఏదో ఒకటి మానాల్సొచ్చినప్పుడు చెయ్యాలి. ఆదివారం క్యాంపు స్థలం శనివారం సాయంత్రం మారింది, అప్పుడు చేశాం. గ్రూపు పేరు చెప్పి ఎవడో పేషెంట్ల దగ్గర డబ్బులడుగుతున్నాడని తెలిసిన రోజు చేశాం, రాత్రి తొమ్మిదైనా సరే, ఎందుకంటే తెల్లారేలోపు ఎవరైనా ఇచ్చేస్తారు. నెలవారీ మీటింగ్‌కి మాత్రం చెయ్యం, అది పిన్ చేస్తే వారం రోజులు పైన కనబడుతుంది.

ఇంక అన్నిటికంటే ఎక్కువ నోటిఫికేషన్లు పుట్టేది ఎక్కడో చెప్తా, పని అయిపోయాక. డోనర్ దొరికిన తర్వాత కూడా "ఇంకా కావాలా" అని అడుగుతూనే ఉంటారు, ఆ మెసేజ్ వేరే గ్రూపులకి ఫార్వర్డ్ అయిపోయి మూడోరోజు కూడా పేషెంట్ ఇంటికి ఫోన్లెళ్తాయి. అందుకే మేం పెట్టే ప్రతి రిక్వెస్ట్‌లో తేదీ, టైము, "రేపు ఉదయం 8 తర్వాత ఫోన్ చెయ్యొద్దు" అన్న మాట కచ్చితంగా ఉంటుంది, ఫార్వర్డ్ అయినా అది దాంతోపాటే వెళ్తుంది కాబట్టి. దొరికాక మొదటి మెసేజ్‌నే ఎడిట్ చేసి పైన "దొరికింది" అని రాస్తాం, పదిహేను నిమిషాలు దాటితే ఎడిట్ అవ్వదు, అప్పుడు దానికే రిప్లైగా పెడతాం, ట్యాగ్ ఏమీ లేకుండా. రక్తం ఇచ్చిన మనిషికి థాంక్స్ మాత్రం ఫోన్ చేసి చెప్తాం, షీట్‌లో ఆ రోజు తేదీ వేస్తాం, మళ్ళీ మగవాళ్ళయితే 90 రోజులు, ఆడవాళ్ళయితే 120 రోజులు అయ్యేదాకా ఆ పేరు ట్యాగ్ చెయ్యం.