హిస్టిడిన్ పీఐ, రక్తంలో దాని ఛార్జ్: కొన్ని అపోహలు - వాస్తవాలు

బయోకెమిస్ట్రీ చెప్పేవాళ్లం ఏటా పిల్లలకు ఇచ్చే లెక్క ఇది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి మూడు పీకేఏలు, అంటే ఒక్కో గుంపు సగం మేర ప్రోటాన్ వదిలేసే పీహెచ్ విలువలు, ఉన్నాయి: కార్బాక్సిల్‌ది 1.82, పక్క గొలుసులోని ఇమిడజోల్‌ది 6.00, అమైనో గుంపుది 9.17. దాని నికర ఛార్జ్ సున్నా అయ్యే పీహెచ్, అంటే ఐసోఎలక్ట్రిక్ పాయింట్ లేదా పీఐ, ఎంత? రక్తం పీహెచ్ 7.4 దగ్గర దాని మీద నికర ఛార్జ్ ఎంత? లెక్క చిన్నదే. కానీ తప్పు జవాబులన్నీ దాదాపు ఒకే దారుల్లో వస్తాయి.

అపోహ: మూడు పీకేఏలు ఉంటే మూడింటి సగటే పీఐ.

అలా చేస్తే 5.66 వస్తుంది. ఆ పీహెచ్ దగ్గర ఛార్జ్ నిజంగా సున్నానా అని ఒక్కసారి చూడండి. కార్బాక్సిల్ దాదాపు పూర్తిగా ప్రోటాన్ వదిలేసి -1 మీద ఉంటుంది. అమైనో +1 మీద ఉంటుంది. ఇమిడజోల్‌లో ఇంకా 69 శాతం దాకా ప్రోటాన్ పట్టుకునే ఉంటుంది. మొత్తం మీద సుమారు +0.69 మిగులుతుంది. సున్నాకు అది చాలా దూరం.

సూత్రం గుర్తుపెట్టుకోవడం కన్నా ఛార్జ్ ఎలా దిగుతుందో రాసుకోవడం మేలు. బాగా ఆమ్లంగా ఉన్న ద్రావణంలో మూడు గుంపులకూ ప్రోటాన్లు ఉంటాయి, కాబట్టి హిస్టిడిన్ ఛార్జ్ +2. పీహెచ్ 1.82 దాటాక కార్బాక్సిల్ వదిలేస్తుంది, +1 అవుతుంది. 6.00 దాటాక ఇమిడజోల్ వదిలేస్తుంది, సున్నా. 9.17 దాటాక అమైనో వదిలేస్తుంది, -1. సున్నా రూపానికి ఒక పక్క 6.00, మరో పక్క 9.17 కాపలా ఉన్నాయి. ఆ రెండింటి సగటే పీఐ:

```
pI = (6.00 + 9.17) / 2 = 7.59
```

ఈ లెక్కలో 1.82కు పని లేదు. 7.59 దగ్గర కార్బాక్సిల్‌లో ప్రోటాన్ మిగిలిన అణువులు పది లక్షల్లో ఒకటో రెండో.

అపోహ: పక్క గొలుసుకు పీకేఏ ఉంటే పై రెండూ తీసుకోవాలి.

హిస్టిడిన్, లైసిన్ చేసి చేసి ఇది అలవాటైపోతుంది. సిస్టీన్ వచ్చేసరికి దెబ్బతింటారు. దాని పీకేఏలు 1.96, 8.18, 10.28. పై రెండూ సగటు చేస్తే 9.23 వస్తుంది. పక్క గొలుసులో ఉన్నది థయోల్, అది ప్రోటాన్ వదిలితే ఋణావేశం వస్తుంది. కాబట్టి ఇక్కడ ఛార్జ్ +1 నుంచి మొదలై 1.96 దాటాక సున్నా, 8.18 దాటాక -1, 10.28 దాటాక -2 అవుతుంది. సున్నాకు అటూ ఇటూ ఉన్నవి 1.96, 8.18. పీఐ 5.07. పొరపాటున వచ్చిన 9.23 దగ్గర ఛార్జ్ సరిగ్గా -1 ఉంటుంది, అంటే ఒక మెట్టు దిగువ రూపానికి నడిమి బిందువు కట్టామన్నమాట. జవాబు సరిచూసుకోవడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు: వచ్చిన పీఐని తిరిగి ఛార్జ్ లెక్కలో పెట్టండి, సున్నా రావాలి.

అపోహ: పీఐ దగ్గర అణువు మీద ఛార్జులే ఉండవు.

ఉంటాయి. ధన, ఋణ ఛార్జులు రెండూ ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైగా ఆ సున్నా కూడా సగటు లెక్కే. 7.59 దగ్గర హిస్టిడిన్ అణువుల్లో 95 శాతం సున్నా రూపంలో ఉంటే, మిగిలినవి +1గా రెండున్నర శాతం, -1గా రెండున్నర శాతం ఉంటాయి.

అపోహ: హిస్టిడిన్ క్షార అమైనో ఆమ్లం, కాబట్టి రక్తంలో +1 ఛార్జ్‌తో ఉంటుంది.

పుస్తకంలో లైసిన్, ఆర్జినైన్ పక్కన దీన్నీ వేయడం వల్ల వచ్చిన తంటా ఇది. ప్రతి గుంపుకూ విడిగా లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. ప్రోటాన్ ఉంటే ధనావేశం వచ్చే గుంపుకు, ప్రోటాన్ పట్టుకున్న భాగం ఇది:

```
1 / (1 + 10^(pH - pKa))
```

ఇమిడజోల్‌కు పీహెచ్, పీకేఏల తేడా 1.40. పది ఘాతం 1.40 అంటే దాదాపు 25, కాబట్టి ఇరవయ్యారింట ఒక వంతు, అంటే +0.038. అమైనోకు తేడా -1.77, కాబట్టి +0.983. కార్బాక్సిల్ -1. కూడితే:

```
+0.038 + 0.983 - 1.000 = +0.02
```

+1 కాదు, +0.02. అదే లైసిన్ (2.18, 8.95, 10.53) తీసుకుంటే 7.4 దగ్గర +0.97 వస్తుంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని ఇక్కడే తెలుస్తుంది. ‘పీహెచ్ 6.00 దాటింది కాబట్టి ఇమిడజోల్ సున్నా, మొత్తం సున్నా’ అని రాసేవాళ్లూ ఉంటారు. పరీక్షలో అది సరిపోవచ్చు గానీ, ఛార్జ్ గుర్తు అడిగితే జవాబు ఉండదు. 7.4 పీఐ కన్నా కింద ఉంది కాబట్టి గుర్తు ధనం, లెక్కలో వచ్చిందీ అదే.

అపోహ: పీఐకి ఎంత దూరం జరిగితే అంత ఎక్కువ ఛార్జ్.

నాకు బాగా నచ్చే ఉదాహరణ టైరోసిన్. దాని పీకేఏలు 2.20, 9.11, 10.07, పీఐ 5.66. రక్తం పీహెచ్ అక్కడికి 1.74 దూరంలో ఉంది. హిస్టిడిన్ పీఐకి 0.19 దూరమే. దూరాన్ని బట్టే అయితే టైరోసిన్ మీద ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. లెక్క వేస్తే టైరోసిన్‌కు -0.02, హిస్టిడిన్‌కు +0.02. గుర్తు వేరు, పరిమాణం ఒకటే. కారణం, టైరోసిన్‌లో పీఐ చుట్టూ పీకేఏలు దూరంగా ఉన్నాయి, మధ్యలో పీహెచ్ ఎంత కదిలినా ప్రోటాన్ ఇచ్చి పుచ్చుకునే గుంపు ఏదీ లేదు. పీఐ గుర్తును చెబుతుంది. పరిమాణం చెప్పేది మాత్రం దగ్గర్లో ఉన్న పీకేఏనే.

అపోహ: పట్టికలోని పీకేఏలతో వచ్చిందే ఒంట్లోనూ ఉంటుంది.

పట్టికల్లోని విలువలు మామూలుగా 25 డిగ్రీల దగ్గరివి. ఒంట్లో 37. వేడి పెరిగితే అమైనో, ఇమిడజోల్ పీకేఏలు తగ్గుతాయి, కార్బాక్సిల్‌ది పెద్దగా కదలదు. ఈ 12 డిగ్రీలకు అమైనోది సుమారు 0.3, ఇమిడజోల్‌ది సుమారు 0.2 తగ్గిందనుకుని మళ్లీ లెక్క వేయండి. పీఐ 7.34 దగ్గరికి దిగుతుంది, 7.4 దానికి పైన పడుతుంది, నికర ఛార్జ్ -0.01 దగ్గరికి వస్తుంది. గుర్తే మారిపోయింది! అందుకే +0.02లోని ధన గుర్తును క్లాసులో లెక్కగా తీసుకుంటాను, రక్తం గురించి కొలిచి తేల్చిన విషయంగా కాదు. లైసిన్‌కు ఈ భయం లేదు, అక్కడ ఇంత సవరణ +0.97ను కాస్త తగ్గిస్తుందే తప్ప గుర్తును కదపలేదు.

ఇదంతా రక్తంలో విడిగా తిరిగే హిస్టిడిన్ సంగతి. ప్రోటీన్ గొలుసు మధ్యలో ఉన్న హిస్టిడిన్‌కు అమైనో, కార్బాక్సిల్ గుంపులు పెప్టైడ్ బంధాల్లో కలిసిపోతాయి, మిగిలేది ఇమిడజోల్ ఒక్కటే. దాని పీకేఏ కూడా చుట్టూ ఉన్న గుంపులను బట్టి మారుతుంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసు చివరన 146వ స్థానంలో ఉన్న హిస్టిడిన్ ఆక్సిజన్ వదిలేసిన రూపంలో పక్కనున్న ఆస్పార్టేట్‌తో జత కడుతుంది, దాని పీకేఏ పెరుగుతుంది, ప్రోటాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఆమ్లత పెరిగితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేయడాన్ని బోర్ ప్రభావం అంటారు, అందులో పెద్ద వాటా దీనిదే. అక్కడ 6.00 వేసి లెక్క కడితే జవాబు తప్పుతుంది.