అయిదు వేల లోపు దొంగతనమైతే జైలే ఉండదా? కోర్టు వరండాలో వినే అపోహలు

శ్రీకాకుళం కోర్టులో డిఫెన్స్ వైపు వాదిస్తాను. 2024 జూలై 1న పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక వరండాలో ఒక మాట పాకింది: "అయిదు వేల లోపు దొంగతనానికి జైలు లేదట, రోడ్డు ఊడిస్తే సరిపోద్దట." ఇందులో నిజం సగమే. మిగతా సగం తెలియక మునిగినవాళ్లున్నారు.

రెండు కేసులు పక్కపక్కన పెట్టి చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. నరసన్నపేట సంతలో దుకాణం బయట నిలబెట్టిన పాత సైకిల్‌ని ఇరవై ఏళ్ల కుర్రాడు తోసుకుపోయాడు. విలువ 3,500. పలాసలో జీడిపిక్కల షెడ్డులో పనిచేసే అమ్మాయి, ఆమెకీ ఇరవయ్యే, నాలుగు రోజులపాటు టిఫిన్ క్యారేజీలో గుడ్లు దాచి ఇంటికి పట్టుకెళ్లింది. ఇక్కడ గుడ్లంటే జీడిపప్పే. విలువ 4,000.

అపోహ: రెండూ అయిదు వేల లోపే కాబట్టి రెండింటికీ సామాజిక సేవే.

విలువ కంటే ముందు చూడాల్సింది ఛార్జిషీటులో రాసిన సెక్షన్. సామాజిక సేవ మినహాయింపు ఉన్నది మామూలు దొంగతనానికి, అంటే సెక్షన్ 303(2)కి. సొత్తు విలువ అయిదు వేల కంటే తక్కువ ఉండాలి, ముద్దాయికి అదే మొదటి శిక్ష అయి ఉండాలి, సొత్తుగానీ దాని విలువగానీ తిరిగి ఇచ్చి ఉండాలి. ఈ మూడూ కుదిరితే సామాజిక సేవ వేయాల్సిందేనని చట్టం భాష. సైకిల్ కుర్రాడికి ఇది సరిపోయింది. పైగా ఆ విలువలో దొంగతనానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు, వారెంటు లేకుండా అరెస్టు చేయకూడదు.

అమ్మాయి సంగతి వేరు. యజమాని సొత్తు ఆయన దగ్గర పనిచేసేవాళ్లు దొంగిలిస్తే సెక్షన్ 306. ఏడేళ్ల దాకా జైలు, బెయిలు హక్కుగా రాదు. మినహాయింపు ఆ సెక్షన్‌లో లేదు. ఇంట్లోగానీ సరుకు దాచే గోడౌన్‌లోగానీ దొంగతనం జరిగితే సెక్షన్ 305, దాని సంగతీ అంతే. సైకిల్ దుకాణం బయట కాకుండా లోపల ఉండి ఉంటే ఆ కుర్రాడి కథ కూడా మారిపోయేది. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా సొత్తు ఎంతని తర్వాత అడుగుతాను. ఎక్కడి నుంచి తీశాడు, ఎవరి దగ్గర పనిచేస్తున్నాడు అన్నవే ముందు అడుగుతాను.

అపోహ: సామాజిక సేవ శిక్ష కాదు, ఒప్పీసుకుంటే అయిపోద్ది.

కుర్రాడి నాన్న సరిగ్గా ఇదే అన్నాడు: "ఏటండీ బాబూ, ఒప్పీసుకుంటే నాలుగు రోజులు ఊడ్చీసి వచ్చేస్తాడు కదా." కుర్రాడేమో కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు, తెల్లారితే గ్రౌండ్‌లో పరుగు. మన జిల్లాలో ఇంటికొకడు అలాంటివాడే.

సామాజిక సేవ అంటే కోర్టు శిక్షగా చేయించే, జీతం లేని, జనానికి పనికొచ్చే పని. ఎన్ని గంటలో చట్టం చెప్పలేదు, తీర్పులోనే రాయాలి. కానీ అది శిక్షే. ముందు నేరం రుజువైనట్టు నమోదవుతుంది, ఆ తర్వాతే చీపురు. ఉద్యోగానికి వెరిఫికేషన్ ఫారంలో ఆ మాట రాయాలి. ఇంకో పేచీ ఉంది. అదే సెక్షన్ కింద రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది కఠిన జైలు, అయిదేళ్ల దాకా పోవచ్చు. అంటే ఈ రోజు తేలిగ్గా ఒప్పుకున్న సైకిల్ రేపటి లెక్కలో మొదటి శిక్ష అవుతుంది.

అందుకే ఒప్పుకునే ముందు సైకిల్ యజమానితో మాట్లాడాం. సెక్షన్ 303(2) కేసులో సొత్తు యజమాని రాజీ పడవచ్చు. రాజీ అయితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. యజమాని రెండు వాయిదాలు కసిరాడు, మూడోదానికి మెత్తబడ్డాడు. సైకిల్ తిరిగి చేరింది, రాజీ పిటిషన్ పడింది. సామాజిక సేవ అవసరమే రాలేదు. (కొత్త శిక్ష అమలు చూడాలని నాకు ఆశ ఉండేది, అది వేరే సంగతి.)

అపోహ: సెక్షన్ 306 పడిందంటే జైలు ఖాయం.

కాదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టాన్ని ఈ కొత్త హడావుడిలో అందరూ మరిచిపోతున్నారు. ఆ చట్టం సెక్షన్ 3 ప్రకారం, ఇంతకుముందు శిక్ష పడని మనిషిని మందలించి వదిలేయవచ్చు. ఏయే నేరాలకంటే, పాత ఐపీసీ 379, 380, 381 పేర్లు అందులోనే రాసి ఉన్నాయి. 381 అంటే పనిచేసేవాళ్లు యజమాని సొత్తు దొంగిలించడం, అదే ఇప్పటి 306. సెక్షన్ 4 ఇంకా విశాలం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు తప్ప దేనికైనా, మూడేళ్లకి మించని గడువుకు సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదలవచ్చు.

ఇరవై ఒక్క ఏళ్ల లోపువాళ్లకైతే సెక్షన్ 6 అండ ఉంది. ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని, 3గానీ 4గానీ తగదని తేల్చి, కారణాలు రాస్తే తప్ప వాళ్లకి జైలు వేయకూడదు. కానీ లెక్క నేరం చేసిన రోజు వయసుది కాదు, విచారణ కోర్టు నేరం తేల్చిన రోజు వయసుది. సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. జీడి షెడ్డు అమ్మాయి కేసు తీర్పుకొచ్చేసరికి ఇరవై రెండు దాటింది. వాయిదాలు తినేసింది ఏడాది కాదు, ఆ అండని.

అయినా 3, 4 మిగిలే ఉన్నాయి. ఇవి అడగాల్సింది నేరం రుజువైందని చెప్పాక, శిక్ష గురించి వినే ఘడియలో. ఆ ఘడియ అయిదు నిమిషాలు. చాలామంది "దయ చూడండి సార్" అని కూర్చుంటారు. చట్టం పేరు చెప్పి అడిగితే, ప్రొబేషన్ ఇవ్వగలిగీ ఇవ్వని కోర్టు ప్రత్యేక కారణాలు రాయాలి. మేము నివేదిక తెప్పించమని కోరాం. ప్రొబేషన్ అధికారి ఊరికొచ్చి ఇల్లు చూశారు, ఇరుగుపొరుగుని అడిగారు, ఇప్పుడు పని ఎక్కడో రాసుకున్నారు. కోర్టు రెండేళ్ల బాండు మీద వదిలింది, యజమానికి 4,000 పరిహారం కట్టమంది.

ప్రొబేషన్ మీద వదిలితే శిక్షతో వచ్చే చట్టపరమైన అనర్హత అంటదని సెక్షన్ 12. సామాజిక సేవకి ఆ రక్షణ రాసి లేదు. అలాగని నేరమే చెరిగిపోదు. ఉద్యోగమిచ్చిన యజమాని ఆ ప్రవర్తన చూసి చర్య తీసుకోవచ్చు.

అపోహ: ఊరు విడిచి పనికి పోయేవాడికి ప్రొబేషన్ రాదు.

చెన్నైకీ హైదరాబాదుకీ వలసపోయే మన జిల్లాలో ఇది పెద్ద భయం. చట్టం అడిగేది ముద్దాయికిగానీ జామీనుకిగానీ స్థిరమైన చిరునామానో, క్రమమైన పనో ఉండాలని. ఇద్దరికీ అక్కర్లేదు. అమ్మాయికి మందసలో మేనమామ జామీను నిలబడ్డాడు. సంతకం పెడుతూ నా వైపు తిరిగి, "ఇది ఎక్కడికీ పోకుండా నేను సూసుకుంటాను గానీ, వకీలు గారూ, జీడి షెడ్డు వైపు మాత్రం పంపను" అన్నాడు.