బంతిలో 720, రౌండ్ టేబుల్ దగ్గర 120, మరి 6తో భాగించేస్తే సరిపోతుందా?

ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లకి ఈ రెండు ఫార్ములాలు ఎక్కడో ఒక మూల గుర్తుండే ఉంటాయి. n మంది వరుసగా కూర్చుంటే n! రకాలు, గుండ్రంగా కూర్చుంటే (n−1)! రకాలు. ఈఏపీసెట్‌లో ఒక మార్కు కోసం ఇంతవరకు తెలిస్తే చాలేమో గానీ, అసలు ఆ ఒకటి ఎందుకు తగ్గిందో అడిగితే చాలామంది నీళ్లు నములుతారు, ఎందుకో తెలియకపోతే చిన్న మెలిక పెట్టిన లెక్కలో దొరికిపోతాం కూడా.

ఒక ఇంట్లో ఆరుగురు భోజనానికి వచ్చారు అనుకుందాం: తాతయ్య, నాన్న, అమ్మ, అత్త, పెద్దమావయ్య, చిన్నమావయ్య. వీళ్లని బంతిలో ఒకే వరుసగా కూర్చోబెడితే మొదటి ఆకు దగ్గర ఆరుగురిలో ఎవరైనా కూర్చోవచ్చు, రెండో ఆకు దగ్గర మిగిలిన ఐదుగురిలో ఎవరైనా, అలా పోతే 6×5×4×3×2×1, అదే 6!, అంటే 720 రకాలు.

ఇప్పుడు అదే ఆరుగురిని రౌండ్ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టండి. ఇక్కడ మొదటి కుర్చీ, చివరి కుర్చీ అనేవి లేవు. అందరూ ఒకేసారి లేచి ఒక్కో కుర్చీ కుడివైపుకి జరిగారనుకోండి, ఎవరి ఎడమ పక్కన వాళ్లు, ఎవరి కుడి పక్కన వాళ్లు అలాగే ఉంటారు, పప్పు గిన్నె ఎవరు ఎవరికి అందించాలో కూడా మారదు, కాబట్టి దాన్ని కొత్త అమరిక అని లెక్కపెట్టం.

ముగ్గురితో చూస్తే ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. తాతయ్య, అమ్మ, నాన్న వరుసలో కూర్చోవడానికి ఆరు రకాలు. అందులో "తాతయ్య, అమ్మ, నాన్న", "అమ్మ, నాన్న, తాతయ్య", "నాన్న, తాతయ్య, అమ్మ" అనే మూడు వరుసల్ని టేబుల్ చుట్టూ చుట్టేస్తే ఒకటే వస్తుంది, ఎందుకంటే మూడింట్లోనూ తాతయ్య తర్వాత అమ్మ, అమ్మ తర్వాత నాన్న, నాన్న తర్వాత మళ్లీ తాతయ్య. మిగిలిన మూడు వరుసలూ ఇంకో గుండ్రం. అంటే ఆరు వరుసలు కలిసి రెండు గుండ్రాలు అయ్యాయి. ఆరుగురికైతే ఒక్కో గుండ్రానికి ఆరేసి వరుసలు, 720ని 6తో భాగిస్తే 120, అదే 5!.

భాగించకుండా కూడా 120 వస్తుంది, నాకైతే ఈ దారే ఇష్టం. తాతయ్యని ఏదో ఒక కుర్చీలో కూర్చోబెట్టేయండి, కుర్చీలన్నీ ఒకటే కాబట్టి ఎక్కడ కూర్చున్నా తేడా లేదు. ఇక తాతయ్యకి కుడివైపు నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే మిగిలిన ఐదుగురికి ఐదు చోట్లు, అది మామూలు వరుస లెక్కే, 5×4×3×2×1. ఎవరో ఒకళ్లు గుర్తుగా కూర్చుంటే గుండ్రం కాస్తా మళ్లీ వరుస అయిపోయింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది, గొడవ ఎక్కడ మొదలవుతుందంటే మావయ్యలతో. పొలం గట్టు తగాదా వల్ల ఇద్దరికీ మాటల్లేవు, పక్కపక్కన పడకూడదు. వరుసలో అయితే వాళ్లిద్దరినీ కట్టేసి ఒక్క మనిషిలాగా చూస్తే మొత్తం ఐదుగురు, 120 రకాలు, కట్టలో ఎవరు ఎటు అనేది రెండు రకాలు, మొత్తం 240 వరుసల్లో పక్కపక్కన ఉంటారు. 720లోంచి తీసేస్తే పక్కపక్కన లేనివి 480.

మరి రౌండ్ టేబుల్‌కి? చెయ్యి వెంటనే 480ని 6తో భాగించడానికి పోతుంది, 80 వస్తుంది, పూర్ణాంకమే కాబట్టి అనుమానం కూడా రాదు. కానీ అది తప్పు.

నేరుగా లెక్కపెట్టి చూడండి. పెద్దమావయ్యని కూర్చోబెట్టాం, మిగిలినవి ఐదు కుర్చీలు, అందులో ఆయనకి అటూ ఇటూ ఉన్న రెండూ చిన్నమావయ్యకి పనికిరావు, మూడే మిగిలాయి. చిన్నమావయ్య కూర్చున్నాక మిగతా నలుగురూ 24 రకాలుగా కూర్చుంటారు. 3×24, అంటే 72. మరి ఆ ఎక్కువ వచ్చిన 8 ఎక్కడివి?

వరుసలో పెద్దమావయ్య ఈ చివర, చిన్నమావయ్య ఆ చివర ఉన్నారనుకోండి, వాళ్ల మధ్య నలుగురున్నారు, ఇంతకంటే దూరం పెట్టలేం కూడా. కానీ అదే వరుసని గుండ్రంగా చుట్టేసరికి రెండు చివర్లూ కలిసిపోయి మావయ్యలిద్దరూ భుజం భుజం తగిలేలా కూర్చుంటారు! అలాంటి వరుసలు ఎన్నంటే, ఎవరు ఏ చివర అనేది 2, మధ్యలో నలుగురూ 24, మొత్తం 48. వాటిని 480లోంచి తీసేస్తే 432, దాన్ని 6తో భాగిస్తే 72. లెక్క కుదిరింది.

కాబట్టి భాగించే ముందు ఒక్క పరీక్ష చెయ్యాలి. షరతుకి సరిపోయిన ఒక వరుస తీసుకుని, చివరి మనిషిని లేపి ముందుకి తెచ్చి కూర్చోబెట్టండి, అప్పటికీ షరతు నిలబడిందా అని చూడండి. ప్రతి వరుసకీ నిలబడితే n తో భాగించుకోవచ్చు. మావయ్యల వరుసలో నిలబడదు, చివర ఉన్న చిన్నమావయ్య ముందుకి రాగానే పెద్దమావయ్య పక్కన పడతాడు. ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు ఒకరు విడిచి ఒకరు కూర్చోవాలి అన్నా ఇంతే. వరుసలో 3!×2! అంటే 12 రకాలు కుదురుతాయి, కానీ రెండు చివర్లా మగవాళ్లే ఉంటారు కాబట్టి గుండ్రంలో ఒక్కటీ కుదరదు. ఇక్కడైతే 12ని 5తో భాగించేసరికి 2.4 వచ్చి తప్పు దానంతటదే బయటపడుతుంది, మావయ్యల లెక్కలో ఆ అదృష్టం లేదు.

ఇంకో సంగతి, ఎవరినీ సర్దకుండా చీటీలు తీసి కూర్చోబెడితే మావయ్యలు పక్కపక్కన పడే అవకాశం దేంట్లో ఎక్కువ? వరుసలో 240/720, అంటే మూడో వంతు. టేబుల్ దగ్గర 48/120, అంటే 40 శాతం. ఆరు చోట్లలోంచి రెండేసి ఎంచుకుంటే 15 జతలు, వరుసలో వాటిలో 5 జతలు పక్కపక్కవి, గుండ్రంలో చివర్లు కూడా కలవడం వల్ల 6. జనం పెరిగేకొద్దీ ఈ తేడా కరిగిపోతుంది, 50 మందికి వరుసలో సరిగ్గా 4 శాతం, గుండ్రంలో 4.08.

ఇదంతా కుర్చీలన్నీ ఒకటే అనుకున్నప్పటి మాట. ఒక కుర్చీ ఏసీ కింద, ఒకటి టీవీకి ఎదురుగా ఉండి ఎవరు దేంట్లో కూర్చున్నారనేది మనకి ముఖ్యమైతే ఒక కుర్చీ జరిగినా అది వేరే అమరికే, టేబుల్ ఎంత గుండ్రంగా ఉన్నా జవాబు 720. మావయ్యల షరతుకి అప్పుడు 72×6, 432.

పూలదండ దీనికి పూర్తిగా రివర్స్. ఆరు రకాల పూలు గుచ్చిన దండని తిప్పడమే కాదు, వెనక్కి కూడా తిరగెయ్యొచ్చు, కుడి ఎడమ అవుతుంది, అయినా దండ అదే, కాబట్టి 120లో సగం, 60 మాత్రమే. టేబుల్ దగ్గర మనుషుల్ని అలా తిరగెయ్యలేం, తాతయ్యకి కుడివైపు అమ్మ కూర్చోవడం, ఎడమవైపు కూర్చోవడం రెండూ వేరే. ఈ (n−1)!/2 అనే ఫార్ములా మూడు పూల నుంచే వాడాలి, రెండు పూలకి వాడితే అర దండ వస్తుంది. రెండు పూల దండని తిరగేసినా, తిప్పినా వచ్చేది ఒకటే, ఒకసారి n తో భాగించినప్పుడే ఆ లెక్క అయిపోయింది, మళ్లీ సగం చెయ్యడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.