సగటు 15 శాతం, చేతికొచ్చింది ఒక్క శాతం

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా మేనల్లుడు ఒక ఆదివారం ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "మామయ్యా, ఈ మూడేళ్ల సగటు రాబడి 15 శాతం దాటింది, మరి సెన్సెక్స్ మొదలైన చోటే ఎందుకుంది?" అని అడిగాడు. అతను తీసుకున్నవి 2008, 2009, 2010 సంవత్సరాలు. డివిడెండ్లను పక్కనపెడితే, సెన్సెక్స్ మొదటి ఏడాది 52.4 శాతం పడిపోయింది, రెండో ఏడాది 81 శాతం లేచింది, మూడో ఏడాది మరో 17.4 శాతం పెరిగింది. వీటిని కూడి మూడుతో భాగిస్తే 15.3 వస్తుంది, కూడికలో తప్పేమీ లేదు.

అయితే 2007 చివర 20,287 దగ్గరున్న సూచీ 2010 చివరకు చేరింది 20,509కే. అప్పుడు పెట్టిన లక్ష రూపాయలు ఏడాది తిరిగేసరికి సుమారు 47,550 అయ్యాయి. మరుసటి ఏడాది వచ్చిన 81 శాతం లాభం లక్ష మీద కాదు, మిగిలిన ఆ 47,550 మీద లెక్కకు వచ్చింది కాబట్టి సొమ్ము 86,000 దగ్గరే ఆగింది. మూడో ఏడాది చివర చేతిలో ఉన్నది 1,01,100. ఏటా నిజంగా 15.3 శాతం పెరిగి ఉంటే 1,53,000 దాటేది.

రాబడులు కూడికతో కాక గుణకారంతో పేరుకుంటాయి. తేడా అంతా అక్కడే ఉంది. వంద రూపాయలు 10 శాతం పెరిగి 10 శాతం తగ్గితే, ముందు ఏది జరిగినా, మిగిలేది 99. సగటు సున్నా అయినా ఒక రూపాయి పోయింది. హెచ్చుతగ్గులు 20 శాతమైతే పోయేది రెండు కాదు, నాలుగు రూపాయలు. ఒడుదొడుకులు రెట్టింపైతే కోత నాలుగింతలవుతుందన్నమాట. సుమారుగా చెప్పాలంటే, ఏటేటి రాబడుల విస్తృతిలో, అంటే రాబడులు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం వర్గంలో, సగాన్ని సగటు నుంచి తీసేస్తే నిజమైన వార్షిక వృద్ధి వస్తుంది. విచలనం 20 శాతమైతే కోత 2 శాతం, 40 శాతమైతే 8 శాతం. ఊగిసలాట మరీ పెద్దదైనప్పుడు ఈ ఉజ్జాయింపును నమ్ముకోకుండా అసలు లెక్కే వేసుకోవాలి.

మేనల్లుడు తన స్ప్రెడ్‌షీట్‌లో `AVERAGE` వాడిన గడిలో, ఏడాది చివరి సూచీ విలువలు B1 నుంచి B4 వరకు ఉండగా, నేను ఇలా రాశాను:

```
=(B4/B1)^(1/3)-1
```

వచ్చింది 0.36 శాతం. బడిలో గుణమధ్యమం అని చదువుకున్నది ఇదే. ఒక్క ఏడాదికి ఎంత ఆశించవచ్చో అంచనా వేయడానికి మామూలు సగటు పనికొస్తుంది. అనేక ఏళ్ల తర్వాత సొమ్ము ఎంతవుతుందో చెప్పడానికి మాత్రం పనికిరాదు.

ఈ సూత్రం ఒకేసారి పెట్టిన మొత్తానికే సరిపోతుంది. నెలనెలా సిప్ కట్టేవారి వాయిదాలు ఒక్కొక్కటి ఒక్కో ధరకు కొన్నవి కాబట్టి, 2008లో ధరలు పడిపోయినప్పుడు కట్టిన వాయిదాకూ 2007 చివర పెట్టిన లక్షకూ ఫలితం ఒకటి కాదు. వారు ప్రతి వాయిదా తేదీతో సహా `XIRR`లో లెక్క చూసుకోవాలి.