సోంపేట బీల: ప్రభుత్వ భూమిపై ప్రభుత్వానికి ఉన్న హక్కు ఎంత?

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీల వాననీరు వచ్చి నిలిచే పల్లపు నేల. చుట్టుపక్కల పొలాలకు తడి, మత్స్యకారులకు చేపలు, పశువులకు మేత అక్కడివే. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం 2008లో ఈ ప్రాంతంలో సుమారు 970 ఎకరాల ప్రభుత్వ భూమిని ఓ ప్రైవేటు కంపెనీకి కేటాయించారు. 2009 డిసెంబరులో కేంద్రం పర్యావరణ అనుమతి కూడా ఇచ్చింది. కాగితాల్లో మాత్రం ఆ చిత్తడి నేల ఎందుకూ పనికిరాని బంజరుగా కనిపించింది.

ప్రభుత్వ భూమిని ప్రభుత్వం ఇస్తే తప్పేమిటి? దీనికి సుప్రీంకోర్టు 1996లోనే జవాబు చెప్పింది. హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఓ హోటల్‌కు ఇచ్చిన అటవీ భూమి లీజును రద్దు చేస్తూ, నదులు, అడవులు, తీరాల వంటి వాటికి ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనంది. గుడి మాన్యాన్ని ధర్మకర్త తన సొంత ఆస్తిలా రాసిచ్చేయలేడు కదా, ఇదీ అంతే.

అయితే కోర్టు ప్రభుత్వ కుర్చీలో కూర్చోదు. 2జీ స్పెక్ట్రమ్ లైసెన్సులను రద్దు చేసిన తీర్పు తర్వాత రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు 2012 సెప్టెంబరులో జవాబిస్తూ, సహజ వనరులన్నిటినీ వేలంలోనే ఇవ్వాలన్న నియమం రాజ్యాంగంలో లేదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇచ్చే పద్ధతి ప్రభుత్వ ఇష్టం. కానీ ఆ నిర్ణయం ఏకపక్షంగా ఉందా, ప్రజల మేలు కోసమేనా అన్నది కోర్టు పరిశీలించవచ్చు. అందుకే ఇలాంటి కేసుల్లో నేను ముందుగా వెతికేది ధర కాదు, ఫైలు: నిర్ణయం తీసుకున్నవారి ముందు ఆ నేల గురించి ఏం రాసి పెట్టారు?

బీల విషయంలో తేలిందీ అక్కడే. అనుమతిపై అప్పీలు విన్న జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ, అది చిత్తడి నేలన్న సంగతి ఫైలులో సరిగా చెప్పలేదని తేల్చి అనుమతిని రద్దు చేసింది. అది 2010 జులై 14. అదే రోజు సోంపేటలో ప్లాంటును వ్యతిరేకిస్తున్న జనంపై పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఢిల్లీలో ఆ కాగితం కొద్ది రోజుల ముందు వచ్చి ఉంటే అన్న బాధ ఇప్పటికీ వదలదు.

ఆలస్యం ఈ ధర్మకర్తృత్వ సిద్ధాంతానికున్న పెద్ద పరిమితి. తిరుపతి అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006లో సుప్రీంకోర్టు చెరువులకూ ప్రజా ధర్మకర్తృత్వం వర్తిస్తుందని ఒప్పుకుంది. కానీ అప్పటికే అక్కడ ఇళ్లు కట్టేశారు. కట్టినవాటిని కూల్చమనలేదు. కొత్త నిర్మాణాలు ఆపి, ఉన్న ఇళ్లపై వాననీటి సేకరణ ఏర్పాటు చేయమంది. బీలలో ప్లాంటు ఇంకా లేవకముందే అనుమతి పోయింది కాబట్టి, నేల నేలగానే మిగిలింది.