అపోహలు – వాస్తవాలు: చాట్‌బాట్ జవాబును మధ్యలో ఆపేది ఎవరు?

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు షాపులకు వాట్సాప్‌లో జవాబులిచ్చే బాట్‌లు తయారు చేయడం నా పని. ఇక్కడ ఒకే షాపుకు ఒడియాలో అడిగేవాళ్లూ, తెలుగులో అడిగేవాళ్లూ వస్తారు. షాపు వాళ్ల నుంచి నాకు వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా రెండే. జవాబు సగంలో తెగిపోయిందని ఒకటి, ఆగకుండా ఏదేదో రాసుకుంటూ పోయిందని ఇంకొకటి. రెంటికీ కారణం వెతికేటప్పుడు నేను ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ జవాబును ఆపింది ఎవరు?

ఆపగలిగేవి మూడు ఉన్నాయి. బాట్ వెనక ఉండి జవాబు రాసే ఏఐ మోడల్ తన మాట అయిపోయిందని ముగింపు గుర్తు వేసి తానే ఆగడం మొదటిది. మనం ముందే రాసిపెట్టిన స్టాప్ సీక్వెన్స్, అంటే ‘ఈ అక్షరాలు కనపడగానే ఆపేయి’ అన్న మాట తగలడం రెండోది. మనం పెట్టిన గరిష్ఠ నిడివి అయిపోవడం మూడోది.

అపోహ: నెట్ సరిగా లేక జవాబు తెగిపోయింది.

మా వైపు సిగ్నల్ సంగతి తెలిసినవాళ్లకు ముందు ఇదే అనుమానం వస్తుంది. కానీ నెట్ పోతే సాధారణంగా మెసేజ్ రాదు, లేదా ఆలస్యంగా వస్తుంది. వాక్యం మధ్యలో శుభ్రంగా తెగి వచ్చిందంటే చాలాసార్లు నిడివి హద్దే కారణం. ఊహించాల్సిన పని లేదు, మోడల్‌ను నడిపే సర్వీసు జవాబుతో పాటు ఆగిన కారణం కూడా పంపుతుంది. చాలా సర్వీసుల్లో అది ఇలా ఉంటుంది:

```json
"finish_reason": "length"
```

`length` అని ఉంటే హద్దు తగిలి ఆగిందని అర్థం. `stop` అని ఉంటే మోడల్ తానే ఆగి ఉండవచ్చు, మన స్టాప్ సీక్వెన్స్ అయినా తగిలి ఉండవచ్చు. కొన్ని సర్వీసులు ఈ రెంటినీ వేరుగా చెప్తాయి, కొన్ని చెప్పవు. ఆ తేడా ఎంత ముఖ్యమో కింద చెప్తాను.

అపోహ: గరిష్ఠ నిడివిని చెప్పే max_tokens సెట్టింగ్ 150 అని పెడితే, మోడల్ 150 లోపు సరిపోయేలా కుదించి రాస్తుంది.

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. మోడల్‌కు ఆ అంకె కనపడదు. అది తన పద్ధతిలో రాసుకుంటూ పోతుంది, 150వ టోకెన్ దగ్గర సర్వర్ ఆపేస్తుంది. చిన్న జవాబు కావాలంటే ఆ మాట ప్రాంప్ట్‌లోనే, అంటే మోడల్‌కు మనం రాసిచ్చే సూచనలోనే రాయాలి: ‘రెండు వాక్యాల్లో చెప్పు’ అని.

తెలుగులో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. టోకెన్ అంటే పదం కాదు, మోడల్ పాఠాన్ని కోసుకునే ముక్క. ఇంగ్లిష్ పదం చాలాసార్లు ఒకే ముక్క అవుతుంది, తెలుగు పదం నాలుగైదు ముక్కలు కావచ్చు. ఓపెన్ఏఐ 2024 మేలో, పాఠాన్ని ఇలా ముక్కలు చేసే తన కొత్త టోకెనైజర్ గురించి చెప్తూ ఒకే నమూనా పాఠాన్ని వేర్వేరు భాషల్లో లెక్కగట్టి చూపించింది. పాత పద్ధతిలో ఇంగ్లిష్‌కు 27 టోకెన్లు పడితే తెలుగుకు 159 పడ్డాయి. కొత్త పద్ధతిలో ఇంగ్లిష్‌కు 24, తెలుగుకు 45. ఎంతో మెరుగుపడింది, అయినా దాదాపు రెట్టింపే. అందుకే ఇంగ్లిష్‌లో టెస్ట్ చేసి ‘బాగానే ఉంది’ అనుకున్న హద్దు తెలుగు జవాబును సగంలో కోస్తుంది. కొన్ని మోడళ్లలో ఒక్క తెలుగు అక్షరమే రెండు మూడు ముక్కలవుతుంది. కోత అక్కడ పడితే జవాబు చివర � అన్న గుర్తు కనిపిస్తుంది. అది చూస్తే నేను ముందు నిడివి హద్దునే అనుమానిస్తాను.

ముందు లోపల ఆలోచించుకుని తర్వాత జవాబిచ్చే మోడళ్లలో ఆ ఆలోచన కూడా సాధారణంగా ఇదే హద్దులోకి వస్తుంది. హద్దు మరీ చిన్నదైతే ఆలోచనకే అంతా ఖర్చయిపోయి, జవాబు ఖాళీగా వస్తుంది.

అపోహ: స్టాప్ సీక్వెన్స్ పెడితే నష్టమేమీ లేదు, జవాబు చిన్నగా వస్తుంది అంతే.

గుణుపూర్‌లో ఒక ఎరువుల, పురుగుమందుల షాపు. జవాబు ఒక్క వాక్యంలో ఉండాలని యజమాని కోరాడు. ఒడియాలో వాక్యం చివర ‘।’ అనే నిలువు గీత వస్తుంది కాబట్టి దాన్ని స్టాప్‌గా పెట్టాను. ఒడియా జవాబులు చక్కగా ఒక్క వాక్యంలో ఆగాయి. తెలుగులో ఆ గీత వాడం కాబట్టి తెలుగు జవాబులు పేరాలు పేరాలుగా వచ్చాయి. అప్పుడు చుక్కను కూడా చేర్చాను:

```json
"stop": ["।", "."]
```

వరిలో గోధుమ మచ్చ తెగులుకు ఏం కొట్టాలని ఒక రైతు అడిగాడు. మోడల్ రాయబోయిన వాక్యం ఇది: ‘గోధుమ మచ్చ తెగులుకు మాంకోజెబ్ మందు లీటరు నీటికి 2.5 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేయాలి.’ రైతు ఫోన్‌కు చేరింది ఇది: ‘గోధుమ మచ్చ తెగులుకు మాంకోజెబ్ మందు లీటరు నీటికి 2’.

స్టాప్ సీక్వెన్స్‌కు వాక్యం అంటే ఏమిటో తెలియదు, అది అక్షరాలను మాత్రమే చూస్తుంది. 2.5లోని చుక్క దానికి వాక్యం చివరి చుక్కతో సమానమే. పైగా ఆపిన గుర్తును జవాబులో చూపించదు కాబట్టి అక్కడ చుక్క ఉండేదన్న ఆనవాలు కూడా మిగల్లేదు. లాగ్‌లో `finish_reason` చూస్తే `stop` అనే ఉంది, అంటే చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. ఆ రైతు పేకెట్ చూసి షాపుకు ఫోన్ చేసి, “రెండా, రెండున్నరా బాబూ? పేకెట్ మీద వేరేగా ఉంది” అని అడగబట్టి బయటపడింది. అడగకపోతే తక్కువ మోతాదు కొట్టేవాడు. సెట్టింగ్ పెట్టింది నేనే. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, పాత జవాబులన్నీ తిరగేసి చూశాను. ‘మి.లీ.’ వచ్చిన ప్రతి చోటా ‘మి’ దగ్గరే తెగి ఉంది.

ఇప్పుడు చుక్కను, ‘।’ని, ఖాళీ లైన్‌ను స్టాప్‌గా ఎప్పుడూ పెట్టను. ఇలాంటి అనుమానం వస్తే అదే ప్రశ్నను స్టాప్‌లన్నీ తీసేసి ఇంకోసారి పంపుతాను. జవాబు ముందుకు సాగితే దోషం స్టాప్‌దే.

అపోహ: బాట్ ఆగకుండా వాగుతోందంటే హద్దు తగ్గిస్తే సరిపోతుంది.

హద్దు తగ్గిస్తే వాగుడు మధ్యలో తెగుతుంది, కారణం అలాగే ఉంటుంది. బాట్ జవాబిచ్చి, ఆ తర్వాత రైతు ప్రశ్న కూడా తానే రాసి, దానికి మళ్లీ జవాబిస్తుంటే మోడల్ ముగింపు గుర్తు వేయడం లేదు, లేదా వేసినా మన ప్రోగ్రాం గుర్తించడం లేదు. 2024 ఏప్రిల్‌లో మెటా కంపెనీ మోడల్ లామా 3 వచ్చిన కొత్తలో చాలామందికి ఇదే జరిగింది. ఆ మోడల్ తన వంతు అయిపోయాక `<|eot_id|>` వేస్తుంది. కొన్ని సెట్టింగుల్లో మాత్రం `<|end_of_text|>` కోసమే చూశారు. దాంతో జవాబు అయిపోయాక మధ్యలో `assistant` అనే మాట కనపడి, కొత్త జవాబు మొదలయ్యేది. సరైన ముగింపు గుర్తు చేర్చాక ఆగింది. సొంత కంప్యూటర్లో మోడల్ నడిపేవాళ్లు ముందు చాట్ టెంప్లేట్, అంటే సంభాషణను మోడల్‌కు అందించే అచ్చు, ఆ మోడల్‌దేనా కాదా చూసుకోవాలి.

స్టాప్ సీక్వెన్స్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే. ప్రాంప్ట్‌లో సంభాషణను ‘రైతు:’, ‘షాపు:’ అని రాసినప్పుడు, కొత్త లైన్‌లో వచ్చే ‘రైతు:’ను స్టాప్‌గా పెడితే బాట్ రైతు మాటలు రాయడం ఆగిపోతుంది. మామూలు జవాబులో లైన్ మొదట్లో ఆ మాట రావడం అరుదు.

గుణుపూర్ షాపు బాట్‌లో ఇప్పుడు ఆ ఒక్క స్టాపే ఉంది. ఒక్క వాక్యం కావాలన్న మాట ప్రాంప్ట్‌లో ఉంది. హద్దు 600, అది మామూలుగా తగలదు. ఎప్పుడైనా `length` అని వస్తే ఆ జవాబు రైతుకు వెళ్లదు, ‘షాపుకు ఫోన్ చేయండి’ అన్న మెసేజ్, నంబరు వెళ్తాయి. చివర అంకెతో ముగిసిన జవాబును కూడా ప్రోగ్రాం ఆపేసి షాపు యజమానికి చూపిస్తుంది.